సాగే జీన్స్, సాగని జీన్స్: ఉతికిన తరువాత ఏ సైజు సరిపోతుంది?

కంటోన్మెంట్ సుజాత
సిరిమానోత్సవం ముందు విజయనగరంలో మా అబ్బాయికి ఒకే దుకాణంలో, ఒకే కంపెనీవి రెండు జీన్స్ ప్యాంట్లు తీసుకున్నాము. రెండింటి మీదా సైజు 34 అనే ఉంది. లోపల కుట్టిన చీటీ చూస్తే ఒకటి నూరు శాతం కాటన్, రెండవది 98 శాతం కాటన్, 2 శాతం ఎలాస్టేన్. ట్రయల్ రూమ్‌లో వేసుకున్నప్పుడు రెండూ చక్కగా సరిపోయాయి. ఒక్కసారి ఉతికేసరికి కాటన్ ప్యాంటు నడుము ఊపిరి బిగబడితే గాని గుండీ పడడం లేదు, కాళ్ళు చీలమండల పైకి వచ్చేశాయి. ఎలాస్టేన్ ఉన్నది పొద్దున వేసుకున్నప్పుడు తొడల దగ్గర బిగుతుగా ఉండి, సాయంత్రానికి మోకాళ్ళ దగ్గర ఉబ్బి, వెనుక భాగం జారినట్లు అవుతోంది. సంక్రాంతికి మళ్ళీ కొనాలి. ఏ రకానికి ఏ సైజు తీసుకోవాలో తెలిసినవారు చెప్పండి.

నాగావళి ఒడ్డు
ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. కాటన్ ఉతికితే కుదించుకుపోతుంది కాబట్టి ఒక సైజు ఎక్కువ తీసుకోవాలి. ఎలాస్టేన్ సాగుతుందే గాని కుదించుకుపోదు, కాబట్టి ఒక సైజు తక్కువ తీసుకోవాలి. మేము శ్రీకాకుళంలో ఎప్పుడు కొన్నా ఇదే లెక్క పాటిస్తాము.

పలాస పద్మ
ఎలాస్టిక్ వదులైపోతే ప్యాంటు మార్చవలసిన పని లేదు సుజాత గారూ. నడుము దగ్గర కుట్టు కొద్దిగా విప్పి పాతది లాగేసి, కొత్త ఎలాస్టిక్ ఎక్కించవచ్చు. మా పిల్లల నిక్కర్లకు అలాగే చేయిస్తాను.

కంటోన్మెంట్ సుజాత
పద్మ గారూ, నేను అడిగింది నడుములో ఎక్కించే పట్టీ గురించి కాదు, బట్ట నేతలోనే కలిపి ఉండే సాగే దారం గురించి. ఇది జీన్స్, నడుముకు గుండీ, జిప్పు ఉన్నాయి.

పడుగుపేక
తిరుప్పూరులో బట్టల నాణ్యత పరీక్షించే విభాగంలో చాలాకాలం పనిచేసి ఇప్పుడు రాజాం దగ్గర ఉంటున్నాను. నాగావళి గారి లెక్కలో మొదటి సగం కొంత నిజం, రెండవ సగం అలా ఉండదు. ఎలాస్టేన్ ఉన్న బట్ట కూడా కుదించుకుపోతుంది, ఒక్కొక్కసారి అడ్డంలో కాటన్ కన్నా ఎక్కువగానే కుదించుకుపోతుంది. అయితే కొలతలు లేకుండా సైజు చెప్పడం సరికాదు.

సుజాత గారూ, ప్యాంటు గుండీ పెట్టి, ముడతలు లేకుండా బల్ల మీద పరిచి, నడుము పట్టీ ముందు అంచూ వెనుక అంచూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా సర్ది, ఈ చివర నుంచి ఆ చివరకు టేపుతో కొలిచి రెట్టింపు చేయండి. ఆ తరువాత తొడ వెడల్పు, మోకాలి వెడల్పు, కాలి లోపలి కుట్టు పొడవు కొలవండి. ఇవి రెట్టింపు చేయనక్కరలేదు. మీ అబ్బాయి ప్యాంటు కట్టుకునే చోట నడుము చుట్టుకొలత కూడా కావాలి. మెషీన్‌లో వేడి నీళ్ళు పెట్టి ఉతికారా, చన్నీళ్ళతోనా అన్నదీ చెప్పండి.

చీపురుపల్లి మాస్టారు
మా చిన్నతనంలో మిల్లు గుడ్డ అంచు మీద 'సాన్ఫరైజ్డ్' అని ముద్ర ఉండేది. ఆ ముద్ర ఉంటే నానబెట్టకుండానే కుట్టించుకోవచ్చని మా నాన్నగారు అనేవారు. ఇప్పుడు ఆ పద్ధతి మానేశారా? మానకపోతే కొత్త ప్యాంటు ఇంకా ఎందుకు పొట్టిదవుతోంది?

పడుగుపేక
మానలేదు మాస్టారూ, ముద్ర వేయడం తగ్గింది, అంతే. అది సాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికన్ పేటెంటు పొందిన విధానం, 1930 నాటిది. మగ్గం మీదా, ఆ తరువాత యంత్రాలలోనూ బట్టను పొడవునా లాగి పట్టుకొని పని చేస్తారు కాబట్టి పడుగు దారాలు లాగుడులోనే ఉండిపోతాయి. నీరు తగలగానే కాటన్ దారం ఉబ్బి, ఆ లాగుడు వదిలేసి వెనక్కి వస్తుంది. అందుకే పొడవు తగ్గుతుంది. సాన్ఫరైజ్ చేయడమంటే తడిపిన బట్టను దళసరి రబ్బరు పట్టీ మీద నొక్కి, ఆ తగ్గుదలను మిల్లులోనే ముందుగా తీసేయడం. అలా చేసిన జీన్స్ బట్టలో కూడా నూటికి ఒకటి నుంచి మూడు వరకు తగ్గుదల మిగిలి ఉండవచ్చు. అసలు చేయని ముడి జీన్స్ బట్ట అయితే ఏడు నుంచి పది వరకు తగ్గుతుంది.

కంటోన్మెంట్ సుజాత
దుకాణంలో అదే రకం, అదే సైజు కొత్త ప్యాంట్లు ఇంకా ఉన్నాయి. టేపు తీసుకువెళ్ళి వాటిని కొలిచాను, ఇంటికి వచ్చి మావి కొలిచాను. అన్నీ అంగుళాలలో ఉన్నాయి.

కాటన్: నడుము కొత్తది 36, ఉతికినది 35. లోపలి కుట్టు కొత్తది 31, ఉతికినది 30. తొడ కొత్తది 12¼, ఉతికినది 12.

ఎలాస్టేన్ ఉన్నది: నడుము కొత్తది 35, ఉతికినది 34½. లోపలి కుట్టు కొత్తది 31, ఉతికినది 30½. తొడ కొత్తది 11½, ఉతికినది 11. సాయంత్రం విడిచిన వెంటనే కొలిస్తే తొడ మళ్ళీ 11½ ఉంది. మోకాలు ఉతికిన వెంటనే 8½, సాయంత్రం 9.

అబ్బాయి నడుము 35. మెషీన్‌లో 60 డిగ్రీల మీట మీద ఉతికాము, మేడ మీద తీగకు ఆరవేశాము. సైజు 34 అని ఉన్న ప్యాంటు నడుము 36 ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు.

గరివిడి గణేష్
కంపెనీలు అలాగే చేస్తాయండీ. చీటీ మీద 34 అని చూస్తే కొనేవారికి సంతోషంగా ఉంటుందని అసలు కొలత ఒకటి రెండు అంగుళాలు పెంచి కుడతారు. నా దగ్గర 32 అని రాసి ఉన్న మూడు కంపెనీల ప్యాంట్లు ఉన్నాయి, మూడింటి నడుమూ మూడు రకాలు.

పడుగుపేక
గణేష్ చెప్పినది నిజం. అందువల్లనే చీటీ మీది అంకెకు ఒకటి కలపడం, ఒకటి తీసేయడం అనే లెక్క నిలవదు. టేపు చెప్పేదే నమ్మాలి. రెండు వేరు వేరు ప్యాంట్లను పోల్చినప్పుడు కుట్టులోనే పావు అంగుళం, అర అంగుళం తేడా ఉండే అవకాశం ఉంది, ఆ మాట గుర్తుంచుకుంటూ సుజాత గారి అంకెలు చూద్దాం.

కాటన్ ప్యాంటులో లోపలి కుట్టు 31కి ఒక అంగుళం, నడుము 36కి ఒక అంగుళం తగ్గాయి. రెండూ నూటికి సుమారు మూడు. తొడ మాత్రం నూటికి రెండు. కాలి పొడవు పడుగు వెంట ఉంటుంది, తొడ వెడల్పు పేక వెంట ఉంటుంది. నడుము అడ్డంగా ఉండేదే కదా, అది పొడవుతో సమానంగా ఎందుకు తగ్గింది? ఎందుకంటే నడుము పట్టీని చాలావరకు పడుగు వెంట నిలువుగా కత్తిరించి, తిప్పి అడ్డంగా కుడతారు. అలా అయితే అది వాడుకలో తొందరగా సాగిపోదు. దానివల్ల బట్ట పొడవులో ఎంత తగ్గుతుందో నడుమూ అంతే తగ్గుతుంది. తొడలు సరిపోతూనే గుండీ పట్టకపోవడానికి కారణం ఇదే.

ఎలాస్టేన్ ఉన్న దానిలో పొడవు నూటికి ఒకటిన్నర మాత్రమే తగ్గింది, తొడ మాత్రం నూటికి నాలుగు పైనే తగ్గింది. ఇలాంటి జీన్స్‌లో సాగే దారాన్ని సాధారణంగా పేకలోనే వేస్తారు. సన్నని ఎలాస్టేన్ దారాన్ని సాగదీసి పట్టుకొని దాని చుట్టూ కాటన్ చుడతారు కాబట్టి అది ఎప్పుడూ లోపలికి లాగుతూనే ఉంటుంది. మిల్లులో బట్టను బాగా వేడి చేసి ఆ లాగుడును కొంతవరకు స్థిరపరుస్తారు. అది చాలినంతగా జరగకపోతే ఇంట్లో 60 డిగ్రీల నీళ్ళలో మిగిలిన లాగుడు బయటపడి బట్ట అడ్డంగా దగ్గరపడుతుంది. కాబట్టి ఎలాస్టేన్ కుదించుకుపోదన్న మాట నిలవదు. అది కుదించుకుపోతుంది, ఒంటి మీద సాగుతుంది, ఉతికితే మళ్ళీ దగ్గరపడుతుంది. సుజాత గారి కొలతలలో తొడ 11 నుంచి సాయంత్రానికి 11½ అయినది అదే.

నాగావళి ఒడ్డు
పడుగుపేక గారి లెక్క కాదనను. కానీ సాయంత్రానికి సాగుతుందని మీరే అంటున్నారు గదా, అలాంటప్పుడు తక్కువ సైజు తీసుకుంటే సాయంత్రానికి ఒంటికి సరిగ్గా ఉంటుంది. పొద్దున రెండు గంటలు బిగుతుగా ఉంటే నష్టమేమిటి?

రాజాం టైలర్
నష్టం నా దగ్గరికి వస్తుంది. బిగుతుగా ఉన్న సాగే జీన్స్ వేసుకొని బండి ఎక్కి దిగేవాళ్ళ ప్యాంట్లు వెనుక నడి కుట్టు దగ్గర బట్ట అలలు అలలుగా అయిపోయి వస్తాయి. వెలుతురుకు పట్టి చూస్తే సన్నని తెల్లని సాగుడు పోగులు తెగి, చివరలు పైకి తేలి కనబడతాయి. అది కుట్టు విప్పి బాగుచేసేది కాదు, బట్టే చచ్చిపోయినట్లు లెక్క.

ఇంకొక సంగతి. సాగే జీన్స్ కదా అని నడుము కూడా సాగుతుందనుకోకూడదు. దుకాణంలో నడుము పట్టీని రెండు చేతులతో పట్టుకొని లాగి చూడండి. పట్టీ కదలకపోతే పడుగు వెంట కత్తిరించినది, అది మీ నడుముకు ఉన్నదున్నట్టు సరిపోవాలి. పట్టీ కూడా సాగితే పేక వెంట కత్తిరించినది, ఆడపిల్లల జీన్స్‌లో ఇది తరచుగా చూస్తాను. దానికి కొద్దిగా బిగుతుగా తీసుకున్నా పరవాలేదు.

పొందూరు నూలు
ఈ మాట వింటుంటే మా ఇంటి అనుభవం చెప్పాలనిపిస్తోంది. పొందూరు ఖద్దరులో ఎలాస్టేన్ ఊసే లేదు, వాలుగ చేప దవడతో ఏకిన దూదితో చేత్తో వడికిన నూలు అది. మా మామగారు పంచెలు కట్టుకుంటారు కాబట్టి ఆయనకు సైజు బాధ లేదు, చొక్కా గుడ్డ మాత్రం ఒక రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరవేసిన తరువాతే దర్జీకి ఇస్తాము. నానబెట్టకుండా కుట్టించిన చొక్కా చేతులు మణికట్టు పైకి వచ్చి, మెడ పట్టీ గుండీ పట్టకుండా పోయింది. జీన్స్ కూడా కొనేముందు నానబెట్టలేము కాబట్టి కొన్న తరువాత కాళ్ళు మడత కుట్టించే ముందు ఒకసారి ఉతకడం మంచిది కదా?

రాజాం టైలర్
అదే నేను అందరికీ చెప్పేది. కొత్త ప్యాంటు పట్టుకొని పండుగ ముందురోజు వచ్చి అంగుళంన్నర కత్తిరించి మడత కుట్టమంటారు. ఒక్క ఉతుకు అయ్యాక రమ్మంటే వినరు. కత్తిరించిన బట్ట తిరిగి రాదు.

కంటోన్మెంట్ సుజాత
ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాటన్ దానికి 36 తీసుకోమంటారా? దుకాణంలో 36 సైజు కొత్త ప్యాంటు నడుము కూడా కొలిచాను, 38 ఉంది.

పడుగుపేక
ఇక్కడే సైజు పెంచే లెక్క తడబడుతుంది. 38లో నూటికి మూడు పోతే దాదాపు 37 మిగులుతుంది. అబ్బాయి నడుము 35. రెండు అంగుళాలు వదులు, బెల్టు బిగిస్తే ముందు కుచ్చులు పడతాయి. 34 సైజు తీసుకుంటే ఉతికాక 35 అవుతుంది, అది నడుముకు సమానం కాబట్టి భోజనం చేశాక బిగుతు. ఉతికితే తగ్గేది ఒక అంగుళం, రెండు సైజుల మధ్య దూరం రెండు అంగుళాలు. కావలసినది ఆ రెండింటి మధ్యలో ఉంది.

కాబట్టి సైజు కన్నా ముందు ప్యాంటు స్థితి చూడండి. మీరు తీసుకున్న కాటన్ ప్యాంటు ముదురు నీలం రంగులో, గరుకుగా, బిరుసుగా ఉండి ఉంటుంది. అంటే ఫ్యాక్టరీలో కుట్టిన తరువాత పెద్దగా ఉతకలేదన్నమాట. మెత్తగా, రంగు వెలిసినట్లుగా కనబడేవి కుట్టిన తరువాత నీళ్ళలో బాగా తిరిగి వచ్చినవి, వాటిలో తగ్గుదల చాలావరకు అయిపోయి ఉంటుంది. అలాంటి 34 దొరికి, కొలిస్తే నడుము 36 ఉంటే అదే తీసుకోండి. ఇంట్లో చన్నీళ్ళతో ఉతికితే అది 36కు దగ్గరలోనే నిలబడుతుంది.

కంటోన్మెంట్ సుజాత
నిజమే, అది బిరుసుగా ఉన్న ముదురు నీలం ప్యాంటే. మొదటి ఉతుకులో నీళ్ళు నీలంగా దిగాయి.

నాగావళి ఒడ్డు
బిరుసు రకమే కావాలంటే 34 తీసుకొని వాడుతూ పోవడమే మేలని ఇప్పటికీ అంటాను. కాటన్ నడుము పట్టీ వేసుకున్న కొద్దీ అర అంగుళం, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ వదులవుతుంది. నా పాత ప్యాంట్లన్నీ అలా కుదురుకున్నవే. మళ్ళీ మళ్ళీ ఉతకకపోతే చాలు.

రాజాం టైలర్
మన ఎండలకు ఉతక్కుండా ఎన్నాళ్ళు తొడుగుతారు? ఉతికిన ప్రతిసారీ ఆ అర అంగుళం వెనక్కి పోతుంది. నేనైతే 36 కొని, రెండుసార్లు ఉతికి, వెనుక నడి కుట్టు దగ్గర అంగుళం పట్టించమంటాను. అంగుళం వరకు పట్టిస్తే జేబులు దగ్గరపడినట్లు కనబడదు, అంతకు మించితే కనబడుతుంది.

పడుగుపేక
ఇద్దరి మాటా జరిగేదే. ఉతకడం తక్కువైతే నాగావళి గారి దారి, వారానికి రెండుసార్లు ఉతికే ఇంట్లో టైలర్ గారి దారి. రెండుసార్లు ఉతికి పట్టించమనడం సరైన మాట, తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఉతుకులోనే పోయినా కొంత తరువాతి ఉతుకులకు మిగులుతుంది.

గరివిడి గణేష్
ఎలాస్టేన్ ఉన్న దాని సంగతి తేలలేదు. నేను ఆన్‌లైన్‌లో 2 శాతం ఉన్నదీ, 4 శాతం ఉన్నదీ కొన్నాను. 4 శాతంది ఎక్కువ సాగుతుందనుకుంటే 2 శాతందే ఎక్కువ సాగుతోంది. శాతం చూసి సైజు ఎలా నిర్ణయించాలి?

పడుగుపేక
శాతం చూసి సైజు నిర్ణయించలేము గణేష్. ఆ అంకె బరువులో ఎలాస్టేన్ వాటా ఎంతో చెబుతుంది, బట్ట ఎంత సాగుతుందో చెప్పదు. నేత ఎంత దగ్గరగా ఉంది, దారం చుట్టేటప్పుడు ఎంత లాగి పట్టారు, మిల్లులో ఎంత వేడిచేశారు అన్న వాటి మీద సాగుడు ఆధారపడుతుంది.

సైజుకు పనికివచ్చేది సాగడం కన్నా తిరిగి రావడం. దుకాణంలో తొడ దగ్గర బట్ట మీద రెండు వేళ్ళు పది సెంటీమీటర్ల దూరంలో పెట్టి అడ్డంగా పన్నెండు వరకు లాగి, కొద్దిసేపు పట్టుకొని వదలండి. ఒక నిమిషం తరువాత కొలిస్తే మళ్ళీ పదికి వస్తే మంచి బట్ట, మీ కొలతకు సరిపోయేదే తీసుకోవచ్చు. పదిన్నర దగ్గర ఆగిపోతే మోకాళ్ళు ఉబ్బే బట్ట. దానికి తక్కువ సైజు తీసుకున్నా మోకాలు ఉబ్బక మానదు, బిగుతు వల్ల ఇంకా ఎక్కువ లాగుడు పడి ముందే ఉబ్బుతుంది. సుజాత గారి ప్యాంటు మోకాలు 8½ నుంచి 9కి పోయింది, అంటే నూటికి ఆరు వరకు పెరిగింది. తక్కువ సైజుతో ఆ బాధ తీరదు, ఆ బట్టే వద్దనుకోవడం మంచిది.

కంటోన్మెంట్ సుజాత
ఆన్‌లైన్‌లో కొనేవారు లాగి చూడలేరు గదా, వారేం చేయాలి?

గరివిడి గణేష్
సైజు పట్టికలో శరీరం కొలత ఇచ్చారా, ప్యాంటు కొలత ఇచ్చారా అన్నది ముందు చూడండి. రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. నేను ప్యాంటు కొలత తీసుకొని, నాకు బాగా సరిపోయే పాత ప్యాంటు కొలతతో పోల్చి పెడుతున్నాను. పాతది ఎన్నో ఉతుకులు చూసినది కాబట్టి కొత్తది దానికన్నా నడుములో అర అంగుళం, పొడవులో ఒక అంగుళం ఎక్కువ ఉండేలా చూస్తాను.

పలాస పద్మ
మా అమ్మాయి లెగ్గింగ్స్ 95 శాతం కాటన్, 5 శాతం ఎలాస్టేన్. అవి పొడవులో బాగా పొట్టివైపోయి, నడుము దగ్గర మాత్రం వదులయ్యాయి. ఇస్త్రీ పెట్టె వేడి వల్ల కూడా అలా జరుగుతుందా?

పడుగుపేక
పొట్టిదవడం అల్లిక గుడ్డ స్వభావం పద్మ గారూ. నేత గుడ్డ కన్నా అల్లిక గుడ్డ ఎక్కువ కుదించుకుపోతుంది, నూటికి ఐదు పోవడం వింత కాదు. లెగ్గింగ్స్‌కు అడ్డం సాగుతుంది కాబట్టి సైజు పెంచనక్కరలేదు, పొడవు ఎక్కువ ఉన్నది ఎంచుకుంటే చాలు. వదులు కావడానికి మీరు అనుమానించినట్లు వేడి ఒక కారణం. ఎక్కువ వేడి ఇస్త్రీ, బట్టలు తెల్లబడడానికి వేసే క్లోరిన్ బ్లీచ్, ఈ రెండూ ఎలాస్టేన్‌ను చంపేస్తాయి. తిరగవేసి, చన్నీళ్ళలో ఉతికి, నీడన ఆరవేయండి.

కంటోన్మెంట్ సుజాత
మెత్తని రకం కాటన్‌లో 34 ఉందేమో చూసి, నడుము 36 ఉంటే తీసుకుంటాను. ఎలాస్టేన్ ఉన్నది కొనేముందు పది సెంటీమీటర్లు లాగి చూస్తాను. ఉన్న సాగే ప్యాంటు ఇక మీదట చన్నీళ్ళలో ఉతికితే తొడ 11 దగ్గరే ఉండిపోతుందా, కొత్తదానిలా 11½కి వస్తుందా?

పడుగుపేక
వేడి నీళ్ళలో ఒకసారి దగ్గరపడిన బట్ట చన్నీళ్ళ వల్ల తిరిగి విచ్చుకోదు. ఉతికిన వెంటనే 11 దగ్గరే ఉంటుంది, ఒంటి మీద 11½ అవుతుంది. ఇంకా తగ్గకుండా మాత్రం చన్నీళ్ళు కాపాడతాయి. తరువాతి ఉతుకు అయ్యాక మోకాలు కొలిచి ఇక్కడ పెట్టండి. 8½కి తిరిగి రాకుండా 8¾ దగ్గర ఆగిపోతే సాగుడు దారాలు తెగడం మొదలైనట్లు అనుకోవాలి.